ఇసుక రిపోర్టులో అంతా పాస్, మిల్లర్‌లో మాత్రం నీళ్లు చాలట్లేదు: తప్పు ఎక్కడుంది?

స్లాబ్ పోసేరోజు పొద్దున్నే మేస్త్రీ వచ్చి, "సార్, బస్తాకి 25 లీటర్లు పోసినా ముద్దలాగే ఉంది. ఇంకో నాలుగు లీటర్లు పోస్తే గానీ కదలట్లేదు" అన్నాడు. సిమెంట్ అదే, కంకర అదే, కొలతలూ అవే. మారిందల్లా ముందురోజు సాయంత్రం దిగిన వాగు ఇసుక ఒక్కటే. ఆ నాలుగు లీటర్లూ పోయనిస్తే నీరు–సిమెంట్ నిష్పత్తి 0.50 నుంచి 0.58కి పోతుంది. బలం తగ్గేది అక్కడే. అందుకే మిల్లర్ ఆపించి ఫైల్‌లో ఉన్న రిపోర్టు తీశాను.

సమస్య 1: ఉన్నట్టుండి నీళ్లు ఎక్కువ పడుతున్నాయి

దీనికి ముఖ్యంగా రెండు కారణాలుంటాయి. ఇసుక సన్నదై ఉండాలి, లేదా అందులో మట్టి ఉండాలి. రెండిటికీ లక్షణం ఒకటే గానీ మందు వేరు. నా రిపోర్టులో 1000 గ్రాముల ఆరిన ఇసుకకి ఈ లెక్క ఉంది:

| జల్లెడ | దానిపై నిలిచింది (గ్రా.) | దాటింది (శాతం) |
|---|---|---|
| 4.75 ఎంఎం | 20 | 98 |
| 2.36 ఎంఎం | 50 | 93 |
| 1.18 ఎంఎం | 110 | 82 |
| 600 మైక్రాన్ | 170 | 65 |
| 300 మైక్రాన్ | 420 | 23 |
| 150 మైక్రాన్ | 190 | 4 |

ముందు 600 మైక్రాన్ వరుస చూడండి. కాంక్రీట్‌లో వాడే ఇసుక, కంకరలకి భారత ప్రమాణమైన ఐఎస్ 383 ఇసుకని నాలుగు జోన్‌లుగా విడదీస్తుంది. 600 దాటింది 15–34 శాతమైతే జోన్ 1, 35–59 అయితే జోన్ 2, 60–79 అయితే జోన్ 3, 80 నుంచి పైన జోన్ 4. మిగతా జల్లెడల దగ్గర ఒక్కోదానికి 5 శాతం, అన్నీ కలిపి 10 శాతం వరకు అటూ ఇటూ అయినా ఒప్పుకుంటారు, 600 దగ్గర మాత్రం ఒప్పుకోరు. మనది 65, అంటే జోన్ 3. మిక్స్ డిజైన్ చేసినప్పుడు వాడింది జోన్ 2 ఇసుక. సన్న రేణువులకి ఉపరితలం ఎక్కువ, తడవడానికి నీళ్లూ ఎక్కువే కావాలి. కారణం సగం దొరికింది.

జోన్ మారినంత మాత్రాన ఇసుకని వెనక్కి పంపనక్కర్లేదు. ఇసుక పాలు తగ్గించి కంకర పెంచాలి. మా మిక్స్‌లో బస్తాకి 76 కిలోల ఇసుక, 124 కిలోల కంకర ఉండేవి. జోన్ 3కి 72, 128 చేసి ట్రయల్ వేసి స్లంప్ చూస్తే సరిపోతుంది. జోన్ 4 అయితే ట్రయల్ క్యూబ్‌ల ఫలితం చూడకుండా ఇనుము వేసే కాంక్రీట్‌లో వాడొద్దు.

మిగతా సగం కారణం అదే రిపోర్టు కింది వరుసల్లో దాక్కుంది. 150 మైక్రాన్ దాటింది 4 శాతమే. చూడ్డానికి శుభ్రమైన ఇసుక. కానీ గుప్పెడు తీసుకుని నలిపి వదిలితే అరచేతి గీతల్లో ఎర్రటి మరక నిలిచింది. కడగకుండా పొడిగా జల్లెడ పట్టినప్పుడు బంకమట్టి పెద్ద రేణువులకి అంటుకునే ఉంటుంది, పై జల్లెడల్లోనే ఇసుక పేరుతో తూకమైపోతుంది. కాబట్టి పొడి జల్లెడ రిపోర్టు చూసి సిల్ట్, అంటే ఇసుకలో కలిసిన సన్నని మట్టి, లేదనుకోవద్దు.

సిల్ట్ చూడ్డానికి సైట్‌లోనే ఒక పద్ధతి ఉంది. 250 మిల్లీలీటర్ల కొలజాడీ తీసుకుని, లీటరు నీళ్లకి 10 గ్రాముల ఉప్పు కలిపిన నీటిని 50 గీత దాకా పోయాలి. ఇసుక వేస్తూ ఇసుక మట్టాన్ని 100కి తేవాలి, మళ్లీ ఉప్పునీళ్లతో 150కి తేవాలి. మూతికి అరచెయ్యి అడ్డుపెట్టి గట్టిగా కుదిపి, మూడు గంటలు కదపకుండా వదిలేయాలి. అడుగున ఇసుక, దానిమీద మట్టి పొర విడివిడిగా కనబడతాయి. మాకు ఇసుక 98, మట్టి 11 వచ్చింది. 11ని 98తో భాగిస్తే 11.2 శాతం. ఈ పరీక్షకి కేంద్ర ప్రజాపనుల శాఖ సీపీడబ్ల్యూడీ పెట్టిన హద్దు 8 శాతం.

ఇది ఘనపరిమాణం లెక్క. తడిసిన మట్టి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఇది ఎక్కువ చూపిస్తుంది. సప్లయర్ గొడవకి దిగితే తూకం లెక్కే నిలబడుతుంది. మేం 500 గ్రాముల ఆరిన ఇసుకని 75 మైక్రాన్ జల్లెడ మీద నీళ్లు తేటపడేదాకా కడిగించి, ఆరబెట్టి తూయించాం. 476 వచ్చింది. పోయింది 24 గ్రాములు, అంటే 4.8 శాతం. నది, వాగు ఇసుకకి ఐఎస్ 383 హద్దు 3 శాతం. పొడి జల్లెడలో 150 దాటిందే 4 శాతమైతే, అంతకన్నా సన్నని 75 కింద 4.8 ఎలా వచ్చింది? అంటుకున్న మట్టి లెక్క తేలింది ఇక్కడే.

పరిష్కారం రెండే: వెనక్కి పంపడం, లేదా కడగడం. ఒకటి రెండు ట్రాక్టర్లయితే కడగొచ్చు. కడిగాక సిల్ట్‌తో పాటు 600 మైక్రాన్ లెక్క కూడా మళ్లీ చూడాలి, ఎందుకంటే సన్న ఇసుక కూడా నీళ్లతో పోతుంది. తడి ఇసుకలో ఉన్న నీటిని మిల్లర్‌లో పోసే నీటిలోంచి తీసేయాలి. లారీ లోడయితే కడిగే నీళ్లకీ కూలీకీ అయ్యే ఖర్చు చూశాక వెనక్కి పంపడమే నయమనిపిస్తుంది. నేను పంపేశాను.

రోబో సాండ్ వాడేవాళ్లకి ఒక మాట. క్రషర్ ఇసుకకి 75 మైక్రాన్ కింద 15 శాతం వరకు ఒప్పుకుంటారు, ఎందుకంటే అది ఎక్కువగా రాతిపొడి. జాడీలో అదీ సిల్ట్ పొరలాగే తేలుతుంది, కాబట్టి 8 శాతం హద్దుతో మంచి సరుకుని కొట్టేయకండి. ఆ పొడిలో బంకమట్టి ఉందన్న అనుమానముంటే ల్యాబ్‌లో మిథిలీన్ బ్లూ పరీక్ష అడగండి.

సమస్య 2: వైబ్రేటర్ పెట్టినా కాలమ్‌లో తేనెపట్టు

ఇసుక, నీళ్లు, వైబ్రేటర్ అన్నీ సరిగ్గా ఉండి, పెట్టె విప్పాక కంకర బయటపడితే కంకర రిపోర్టులో 10 ఎంఎం వరుస చూడండి. 20 ఎంఎం గ్రేడెడ్ కంకరకి అది 25–55 శాతం దాటాలి. మాకొకసారి 8 వచ్చింది. అన్నీ ఒకే సైజు రాళ్లు, మధ్య ఖాళీలు పూడ్చే చిన్నరాయి లేదు. దీన్నీ వెనక్కి పంపనక్కర్లేదు. 10 ఎంఎం జల్లెడని 88 శాతం దాటే చిప్స్ తెప్పించి, 65 కిలోల పెద్ద కంకరకి 35 కిలోల చిప్స్ కలిపాం. 8లో 65 శాతం 5.2, 88లో 35 శాతం 30.8, మొత్తం 36. హద్దులో పడింది. తట్టల లెక్కన కాకుండా తూకంతో కలపండి.

వెనక్కి పంపాల్సింది ఎప్పుడు?

గ్రేడేషన్ తప్పితే నేను ముందు కలిపి సర్దడానికే చూస్తాను. కడిగినా 3 శాతం లోపుకి రాని మట్టి, వేళ్లతో నలిగే మట్టిగడ్డలు, సముద్రపు ఉప్పు ఉన్న ఇసుక, కాస్టిక్ సోడా ద్రావణంలో 24 గంటలు ఉంచాక ముదురు గోధుమరంగుకి తిరిగే ఇసుక, వీటిలో ఏది కనబడినా దించనివ్వను. ఆ రంగు కుళ్లిన ఆకూ వేరూ ఉన్నాయని చెబుతుంది, సిమెంట్ గట్టిపడకుండా అడ్డుపడేది అదే.

ఇక శాంపిల్ సంగతి. ఫైల్‌లోని రిపోర్టు సప్లయర్ సంచిలో తెచ్చిచ్చిన ఇసుకది, నా కుప్పది కాదు. ఇప్పుడు లారీ తొట్టెలో నాలుగైదు చోట్ల, పై పొర తీసేసి లోపల్నుంచి పారతో తీయిస్తున్నాను. డ్రైవర్ ముందే కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు ఉంచుతాను. జాడీ పెట్టిన టైము, బండి నంబరు, మట్టి గీత, ఇసుక గీత చలాన్ వెనకే రాయించి డ్రైవర్ సంతకం తీసుకుంటాను. మూడు గంటలు ఆగడానికి మొదట్లో విసుక్కునేవాళ్లు. ఇప్పుడు పొద్దున ఆరింటికే బండి తెచ్చి పెడుతున్నారు.