7ను ముక్కలు చేసేటప్పుడు ఒక్కటీ రెండుసార్లు రాకుండా

7ను ధన పూర్ణాంకాల మొత్తంగా ఎన్ని రకాలుగా రాయొచ్చో లెక్కించాలంటే ఒక్క నియమం చాలు: ప్రతి వరుసలో ఎడమ నుంచి కుడికి సంఖ్య తగ్గాలి లేదా అంతే ఉండాలి, పెరగకూడదు. అప్పుడు 3+4, 4+3 రెండూ ఒకటే అన్న గొడవ ఉండదు. 4+3 మాత్రమే రాస్తాం.

ఇక మొదటి సంఖ్యను బట్టి దిగుతూ రండి. 7తో 1, 6తో 1 (6+1), 5తో 2 (5+2, 5+1+1). 4తో మొదలుపెడితే మిగిలేది 3, దాన్ని 3 రకాలుగా విడగొట్టొచ్చు.

చాలామంది తప్పేది 3 దగ్గరే. మిగిలిన 4ను 5 రకాలుగా రాయొచ్చు కదా అని 5 వేసేస్తారు. అందులో 3+4 కూడా ఉంది, అది 4+3గా ముందే వచ్చేసింది. కాబట్టి నాలుగే: 3+3+1, 3+2+2, 3+2+1+1, 3+1+1+1+1.

2తో 3 (2+2+2+1, 2+2+1+1+1, 2+1+1+1+1+1), అన్నీ ఒకట్లతో 1. మొత్తం 15.

సరిచూసుకోవడానికి అవే 15నూ ఈసారి ముక్కల సంఖ్యను బట్టి లెక్కించండి. ఒక ముక్క నుంచి ఏడు ముక్కల దాకా 1, 3, 4, 3, 2, 1, 1 రావాలి. మొదటి సంఖ్య 1 నుంచి 7 దాకా వచ్చిన లెక్కలూ సరిగ్గా ఇవే. ఎక్కడైనా తేడా వస్తే ఏదో ఒకటి వదిలేశారు, లేదా రెండుసార్లు రాశారు.