ప్యాకెట్ ఫోటోలో రంగు కాదు, ఆకారం చూడండి

మా అత్తయ్య గుడ్డు కూడా ముట్టరు. మొన్న షాపు నుంచి కేక్ ప్యాకెట్ ఫోటో పంపి "ఇది వెజ్జేనా?" అని అడిగారు. పసుపు లైటు కింద తీసిన ఫోటో కదా, గుర్తు ఆకుపచ్చో గోధుమో తేలలేదు. జూమ్ చేస్తే చదరం లోపల త్రిభుజం కనిపించింది. అంటే నాన్‌వెజ్. మన దేశంలో వెజ్‌కి చదరంలో ఆకుపచ్చ చుక్క, నాన్‌వెజ్‌కి గోధుమరంగు త్రిభుజం. గుడ్డు కలిసినా అదే త్రిభుజం. పాలు ఉన్నా ఆకుపచ్చ చుక్కే. పాత ప్యాకెట్ల మీద నాన్‌వెజ్‌కి కూడా గోధుమ చుక్కే ఉండేది, కాబట్టి చుక్క కనిపించి రంగు తేలకపోతే పదార్థాల జాబితా ఫోటో అడగండి.

పోషకాల పట్టికలో అంకెలు సాధారణంగా 100 గ్రాములకు ఇస్తారు. చక్కెర 30 గ్రాములని ఉండి, ప్యాకెట్ బరువు 50 గ్రాములైతే, మొత్తం తింటే 15 గ్రాములు, దాదాపు మూడు టీస్పూన్లు.

తేదీ మాత్రం తరచూ అతికించిన అంచు మడతలో ఉంటుంది. దాన్ని సాగదీసి పట్టుకుని విడిగా ఫోటో తీయమనండి. 05/08/25 అంటే ఆగస్టు 5, మే 8 కాదు.