రేటింగు 1 నుంచి 3 వరకే, మరి కటాఫ్ 11 ఎలా వచ్చింది? (సమస్య - పరిష్కారం)

కొండపి, టంగుటూరు పొగాకు వేలం కేంద్రాల దగ్గర రైతుల్ని "ధర ఎలా ఉంది?" అని అడిగారనుకుందాం. జవాబులు మూడు: 1 అసంతృప్తి, 2 ఫర్వాలేదు, 3 సంతృప్తి. వాటి మీద రైతుకు పడిన సగటు కిలో ధర పెట్టి ఆర్డర్డ్ లాజిట్ నడిపితే ధర గుణకం 0.05 వచ్చింది. ఒక రేటింగును తర్వాతిదాన్నుంచి విడదీసే గీతలే కటాఫ్‌లు; అవి `1|2` దగ్గర 11, `2|3` దగ్గర 13 వచ్చాయి. అంకెలు లెక్క చూపడానికి వేసుకున్నవే.

సమస్య: కటాఫ్‌లు రేటింగు స్కేలు దాటిపోయాయి

కారణం: కటాఫ్‌లు ఉండేది రేటింగు స్కేలు మీద కాదు, 0.05 × ధర ఉన్న స్కేలు మీద. ఈ మోడల్‌లో విడిగా ఇంటర్‌సెప్ట్ ఉండదు కాబట్టి, ధర 240 దగ్గర ఉంటే కటాఫ్‌లూ 12 చుట్టూనే తిరుగుతాయి. వాటి పక్కన కనిపించే టీ విలువను పట్టించుకోనక్కర్లేదు. సున్నా ఎక్కడుందన్నది మనం ధరను రాసిన తీరును బట్టి మారేదే.

పరిష్కారం: ధరలోంచి 240 తీసేసి నడపండి. కటాఫ్‌లు -1, +1 అవుతాయి, సంభావ్యతలు మాత్రం మారవు. నాకు ఇంతకంటే నచ్చే పద్ధతి కటాఫ్‌ను గుణకంతో భాగించి రూపాయల్లోకి తేవడం. 11/0.05 అంటే 220 రూపాయలు: ఆ ధర దగ్గర సగం మంది అసంతృప్తి చెబుతారు. 13/0.05 అంటే 260: అక్కడ సగం మంది సంతృప్తి అంటారు. ఈ మాట రైతుకు చెప్పినా అర్థమవుతుంది.

సమస్య: చేత్తో లెక్కేస్తే అందరూ అసంతృప్తే

కారణం ప్లస్, మైనస్ గుర్తు. R లోని `polr` కటాఫ్‌లోంచి గుణకం భాగాన్ని తీసేస్తుంది. మీరు కలిపారంటే 11 + 12 = 23 అయి సంభావ్యత 1 దగ్గరికి పోతుంది. 240 రూపాయలకు సరైన లెక్క ఇదీ:

```r
plogis(11 - 0.05*240)   # 0.27
plogis(13 - 0.05*240)   # 0.73
```

ఈ రెండూ "ఇంతవరకు" అనే సంభావ్యతలు. రేటింగు 2 కావాలంటే రెండోదాంట్లోంచి మొదటిది తీసేయాలి. అలా 27, 46, 27 శాతం వస్తాయి.

సమస్య: గుణకం ధనాత్మకమే, కానీ "ఫర్వాలేదు" తగ్గింది

ధర 200 అయితే 73, 22, 5 శాతం. 260 అయితే 12, 38, 50. మధ్యది 22 నుంచి 46కి ఎక్కి, మళ్లీ 38కి దిగింది. ఇది తప్పు కాదు. ధర పెరిగితే కింది నుంచి మధ్యకు వచ్చేవాళ్లూ ఉంటారు, మధ్య నుంచి పైకి పోయేవాళ్లూ ఉంటారు. గుణకం గుర్తు కచ్చితంగా చెప్పేది రెండు చివరల గురించే. అందుకే రిపోర్టులో గుణకం ఒక్కటే కాకుండా రెండు మూడు ధరల దగ్గర సంభావ్యతలు ఇవ్వండి.

సమస్య: అంచనా అసలు జవాబులతో కలవడం లేదు

రెండు గీతల దగ్గరా ధర ప్రభావం ఒక్కటేనని మోడల్ నమ్ముతుంది. "1 కాదా", "3 అవునా" అని రెండు మామూలు లాజిట్‌లు విడిగా నడిపి గుణకాలు పోల్చండి. బాగా తేడా ఉంటే ఆ నమ్మకం చెల్లదు. నో బిడ్ అయి బేళ్లు వెనక్కి తెచ్చుకున్న రైతు కోపం సగటు ధరలో కనిపించదు కదా. ముందు నో బిడ్ అయిందా లేదా అన్న కాలమ్ కలిపి చూడండి. అప్పటికీ తేడా పోకపోతే గీత గీతకూ వేరే గుణకం ఇచ్చే మోడల్‌కు వెళ్లాలి.