ఎస్‌బీసీ తక్కువ వస్తే రాఫ్టేనా? సాయిల్ టెస్ట్ రిపోర్ట్ చదివి పునాది ఎంచుకోవడం

రిపోర్ట్ చేతికి రాగానే అందరూ వెతికేది ఎస్‌బీసీ అంకె ఒక్కటే, అంటే చదరపు మీటరు నేల భద్రంగా మోయగల బరువు. ఆ అంకె పక్కన రెండు విషయాలు ఉంటాయి: ఎంత లోతులో అన్నది, ఏ యూనిట్‌లో అన్నది. 100 కిలోన్యూటన్లు అంటే సుమారు 10 టన్నులే. ముందు ఇది సరిచూసుకోండి.

గుంటూరు, ప్రకాశం వైపు నల్లరేగడిలో సాధారణంగా ఎదురయ్యే ఒక ఉదాహరణ తీసుకుందాం. స్థలంలో ఇల్లు పట్టేది 9 మీటర్లు × 12 మీటర్లు, జీ ప్లస్ వన్, 12 పిల్లర్లు. మధ్య పిల్లర్ మీద 40 టన్నులు, మొత్తం బరువు 300 టన్నులు అనుకుందాం. ఫుటింగ్ సొంత బరువుకి పది శాతం కలిపితే 330.

సమస్య 1: 1.5 మీటర్ల లోతులో ఎస్‌బీసీ 6 టన్నులే వచ్చింది

330ని 6తో భాగిస్తే 55 చదరపు మీటర్ల ఫుటింగులు కావాలి. ఇల్లు మొత్తం 108 చదరపు మీటర్లు, అంటే సగం దాటింది. సగం దాటితే పిల్లర్‌కి ఒకటి చొప్పున వేసే విడి ఫుటింగులు వదిలి, ఇల్లంతటి కింద ఒకే పలకగా వేసే రాఫ్ట్ ఆలోచించాలన్నది ఇంజనీర్లు వాడే లెక్క. మేస్త్రీ కూడా రాఫ్టే అంటాడు.

తొందరపడకండి. అదే పట్టికలో కింది వరుస చూడండి. 2.4 మీటర్ల దగ్గర మొరం తగిలి ఎస్‌బీసీ 18 ఉందనుకోండి. అప్పుడు కావాల్సింది 18 చదరపు మీటర్లే, మధ్య పిల్లర్‌కి 1.6 మీటర్ల చదరపు ఫుటింగ్ చాలు. రాఫ్ట్ 35 సెంటీమీటర్ల మందంతో వేస్తే దాదాపు 38 ఘనపు మీటర్ల కాంక్రీటు, దానికి తగ్గ ఇనుము. ఇంకో 90 సెంటీమీటర్లు తవ్వి పిల్లర్లు పొడిగించడం దీనికంటే చవక. గట్టి పొర 2.5 నుంచి 3 మీటర్ల లోపు ఉంటే నా ఓటు విడి ఫుటింగులకే. అంతకంటే లోతైనా, తవ్వితే నీళ్లు ఊరినా లెక్క మళ్లీ వేయించాలి.

సమస్య 2: ఫ్రీ స్వెల్ ఇండెక్స్ 70 అని ఉంది

చాలామంది వదిలేసే వరుస ఇది. జల్లించిన మట్టిని 10 గ్రాముల చొప్పున ఒక జాడీలో నీళ్లలో, ఇంకో జాడీలో కిరోసిన్‌లో వేసి ఒక రోజు ఉంచుతారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు. అక్కడ 10 మిల్లీలీటర్లు, నీళ్లలో 17 ఉంటే ఇండెక్స్ 70. ఇది 50 దాటితే బాగా ఉబ్బే మట్టి అనుకోవాలి.

రాఫ్ట్ ఎదురు తిరిగేది ఇక్కడే. రాఫ్ట్ బరువును పరుస్తుంది కాబట్టి మన ఇల్లు నేల మీద వేసే ఒత్తిడి, రాఫ్ట్ సొంత బరువుతో కలిపినా చదరపు మీటరుకి 4 టన్నులకు అటూఇటూ. రిపోర్ట్‌లో ఉబ్బే ఒత్తిడి 8 టన్నులు ఉంటే వానాకాలంలో మట్టి పైకి తోస్తుంది, ఎండాకాలంలో అంచుల దగ్గర కుంగుతుంది. పలచటి రాఫ్ట్ అయితే దాంతో పాటే వంగి, గోడలు కిటికీ మూలల నుంచి ఏటవాలుగా చీలతాయి. తేలిక గోడల కింద, గోడ పొడవునా పట్టీలా వేసే స్ట్రిప్‌ పునాదిది కూడా ఇదే కథ.

పరిష్కారం: ఫుటింగ్ నల్లమట్టిని దాటి మొరం మీద కూర్చోవాలి. పిల్లర్ చుట్టూ తవ్విన నల్లమట్టే మళ్లీ నింపొద్దు, ఉబ్బని మొరం వేసి గట్టిగా దిమ్మిస చేయించండి. ప్లింత్ బీమ్ నేలను తాకకుండా అడుగున 80 మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. మొరం అందనంత లోతుంటే అండర్ రీమ్డ్ పైల్స్, సుమారు 3.5 మీటర్ల లోతు, అడుగున ఉబ్బెత్తు ఉండే రకం. రాఫ్టే కావాలంటే లోతైన బీములతో బిగువుగా డిజైన్ చేయించాలి.

సమస్య 3: రెండు బోర్ల ఫలితాలు పొంతన లేకుండా ఉన్నాయి

ఒక మూల 1.2 మీటర్లకే మొరం, ఇంకో మూల 3 మీటర్ల దాకా ఎన్ విలువ 3, 4. ఎన్ విలువ అంటే పరీక్ష గొట్టం నేలలోకి 30 సెంటీమీటర్లు దిగడానికి పట్టిన సుత్తి దెబ్బలు, తక్కువైతే మట్టి మెత్తన. అలా ఉంటే అక్కడ పూడ్చిన బావో, కుంటో, పాత పెంటదిబ్బో ఉండొచ్చు. ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే తేలిపోతుంది. ఈ రెండు బోర్ల సగటు తీసి డిజైన్ చేయకూడదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 1904 ప్రకారం ఆర్‌సీసీ ఫ్రేములో విడి ఫుటింగుల మధ్య కుంగుడు తేడా 3 మీటర్ల దూరానికి దాదాపు 4.5 మిల్లీమీటర్లు దాటకూడదు. పూడిక మట్టి అంతకంటే ఎక్కువే కుంగుతుంది. ఆ మూల మాత్రమే అయితే అసలు నేల దాకా తవ్వి సిమెంటు తక్కువ కలిపిన కాంక్రీటుతో పైకి తెచ్చి ఫుటింగ్ వేయండి. స్థలమంతా పూడికై, ఉబ్బే గుణం లేకపోతే రాఫ్ట్ సరైన చోట ఉన్నట్టే. అయితే చెత్త, పేడ లాంటివి కలిసిన పూడిక మీద రాఫ్ట్ కూడా వద్దు, అది ఏళ్ల తరబడి కుళ్లి కుంగుతూనే ఉంటుంది.

మరి స్ట్రిప్ ఎప్పుడు?

పిల్లర్లు లేకుండా గోడలే బరువు మోసే ఒక అంతస్తు ఇంటికి, మట్టి అంతా ఒకేలా ఉండి ఉబ్బకపోతే. తొమ్మిది అంగుళాల గోడ కింద మీటరు పొడవుకి 4, 5 టన్నులు వస్తుంది. ఎస్‌బీసీ 10 ఉంటే అర మీటరు వెడల్పు చాలు, పనికి వీలుగా ముప్పావు మీటరు తవ్వుతారు. పిల్లర్ల ఇంట్లో అయితే ఒకే వరుసలో ఫుటింగులు ఒకదాన్నొకటి తాకేంత దగ్గరైనప్పుడు ఆ వరుస వరకు కలిపి స్ట్రిప్‌గా వేస్తారు.