చిన్న అలవాటు చెడ్డ వారంలో కూడా ఆగకుండా ఉండాలంటే దేనికి తగిలించాలి?

సామాన్లు: ఒక నోట్‌బుక్, ఒక పెన్. స్ట్రీక్ లెక్కపెట్టే యాప్ మాత్రం వద్దు, ఒక్కరోజు మిస్సయి కౌంట్ సున్నాకి పడగానే మొత్తానికే మానేసినవాళ్ళని చాలామందిని చూశాను.

స్టెప్ 1: అలవాటుని బాగా చిన్నది చేయండి. నాది రోజుకో లైన్ డైరీ. జ్వరంలో కూడా అర నిమిషంలో అయిపోవాలి, అవ్వదనిపిస్తే ఇంకా తగ్గించండి.

స్టెప్ 2: దాన్ని ఎలాగూ చేసే పాత పనికి తగిలించండి, హ్యాబిట్ స్టాకింగ్ అంటే ఇదే. అందరూ బోల్తా పడేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చదవండి.

నేను మొదట కాఫీకి తగిలించాను, కప్పు చేతిలోకి రాగానే ఒక లైన్ అని. మూడు వారాలు బ్రహ్మాండంగా నడిచింది. తర్వాత జ్వరం వచ్చి ఐదు రోజులు కాఫీ వాసనే పడలేదు, కాఫీ లేదు కాబట్టి డైరీ గుర్తే రాలేదు. తప్పు నా బద్ధకానిది కాదు, పట్టుకున్న కొమ్మది. అందుకే ఏ పనికి తగిలించాలో మంచి వారాన్ని చూసి డిసైడ్ అవ్వొద్దు. పోయినసారి ఒంట్లో బాలేనప్పుడో, ఊరెళ్ళినప్పుడో, పని నెత్తిమీద పడ్డప్పుడో గుర్తు తెచ్చుకుని, ఆ రోజుల్లో కూడా మానకుండా చేసిన పనులేంటో రాయండి. లిస్టులో మహా అయితే నాలుగైదు మిగులుతాయి.

తర్వాత ఫోన్ ఛార్జింగ్‌కి మార్చాను. అదీ తన్నింది, ఎందుకంటే ఛార్జింగ్ రోజుకి మూడుసార్లు పెడతాం, ఏసారి రాయాలో తెలీక "తర్వాత చూద్దాం" అనుకుంటూ పడుకునేవాణ్ణి. రోజుకొకసారి చేసే అలవాటుకి రోజుకొకసారి జరిగే పనే కావాలి.

ఇప్పుడు రాత్రి బ్రషింగ్‌కి ఉంది. కానీ "బ్రష్ చేశాక" అని రాసుకుంటే చాలదు, చేశాక అంటే ఎప్పుడు, మొహం తుడుచుకున్నాకా, మంచం ఎక్కాకా? "బ్రష్ స్టాండ్‌లో పెట్టగానే" అని రాసుకోండి, చెయ్యి ఖాళీ అయ్యే ఆ క్షణమే సిగ్నల్. నోట్‌బుక్ కూడా ఆ స్టాండ్ పక్కనే, పెన్ లోపలే పెట్టి ఉండాలి, వేరే గదిలో ఉంటే దారిలో ఫోన్ కనిపిస్తుంది, ఇంక అంతే. (కొంతమంది అలారం చాలంటారు, నాకు నచ్చదు, నాలుగో రోజుకి చెయ్యి దానంతటదే ఆపేస్తుంది.)

స్టెప్ 3: ఒక వారం చూడండి. బ్రష్ పెట్టారు కానీ రాయలేదంటే అలవాటు పెద్దదైంది, తగ్గించండి. అసలు బ్రషే చేయలేదంటే పట్టుకున్న పని తప్పు, స్టెప్ 2కి వెళ్ళండి. ఈ రెండూ కలిపేసి "నావల్ల కాదు" అనేసుకోకండి.

మిస్సయిన రోజుకి మర్నాడు రెండు లైన్లు రాసి లెక్క సరిచేయొద్దు. యూనివర్సిటీ కాలేజ్ లండన్ వాళ్ళు 96 మందితో చేసి 2010లో పబ్లిష్ చేసిన స్టడీలో, మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన అలవాటు పడటం పెద్దగా దెబ్బతినలేదని తేలింది. అలవాటు కుదరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులని అంచనా కట్టారు, కాబట్టి 21 రోజుల్లో అలవాటైపోతుందనే లెక్క పట్టుకుని ఇరవై రెండో రోజు నోట్‌బుక్‌ని అక్కణ్ణుంచి తీసేయకండి.