వేరే ఊళ్లో సెంట్రల్ గవర్నమెంట్ ఉద్యోగం వచ్చిందా? గడువు ఎలా అడగాలి, టీఏ అనే ప్రయాణ భత్యం ఎవరికి వస్తుంది

ఆఫర్ ఆఫ్ అపాయింట్‌మెంట్ చేతికి రాగానే ఇంట్లో స్వీట్లు పంచుతారు, మర్నాటి నుంచి టెన్షన్ మొదలవుతుంది. ఉద్యోగం ముంబైలో, మనం ఉన్నది రాజమండ్రిలో, చేరడానికి ఇచ్చింది 30 రోజులు, ఉత్తరం చేతికి వచ్చేసరికే అందులో వారం అయిపోయింది. సరిగ్గా ఇక్కడే బ్రోకర్లు దిగుతారు. "గడువు పెంచిస్తాను, వీలైతే పోస్టింగ్ హైదరాబాద్‌కి మార్పిస్తాను, ఇంత ఇవ్వు" అంటారు. గడువు పొడిగింపు కోసం మీరు పెట్టాల్సింది ఒక్క పేజీ ఉత్తరం. దానికి ఫీజు లేదు, మధ్యలో ఎవరూ అక్కర్లేదు. వాళ్లు అమ్ముతున్నది మీరు తెల్లకాగితం మీద ఉచితంగా అడగగలిగిన దాన్నే.

ముందు తేలిక విషయాలు. ఆఫర్ నిజమైనదో కాదో చూసుకోండి. ఈమెయిల్ gov.in లేదా nic.in చిరునామా నుంచి వచ్చిందా, ఉత్తరంలోని ఆఫీసు ఫోన్ నంబరు ఆ శాఖ వెబ్‌సైట్లో ఉన్న నంబరేనా అని ఒకసారి సరిపోల్చుకుంటే చాలు. చేరే ముందు డిపాజిట్ కట్టమని ఏ ప్రభుత్వ ఆఫీసూ అడగదు, అడిగితే అది దొంగ ఆఫర్. మెడికల్, అటెస్టేషన్ ఫారం, కుల ధ్రువీకరణ లాంటివి ఆఫర్‌లోనే వరసగా రాసి ఉంటాయి, వాటిలో ఇబ్బంది పడేవాళ్లు తక్కువ. ఇబ్బందంతా జవాబు ఉత్తరంలోనే.

రూల్ ఏమిటంటే, కేంద్ర ప్రభుత్వ శాఖలు ఇచ్చే ఆఫర్‌లో చేరడానికి ఒక గడువు రాయాలి, అది మామూలుగా రెండు నెలలు దాటకూడదు. ఆ గడువు లోపలే మీరు పొడిగింపు అడిగితే శాఖ దాన్ని పరిశీలించవచ్చు. అయితే ఏ పరిస్థితిలోనూ మొదటి ఆఫర్ ఇచ్చిన తేదీ నుంచి ఆరు నెలలు దాటి ఇవ్వడానికి వీల్లేదు, ఆ తర్వాత ఆఫర్ దానంతటదే రద్దవుతుంది. ఇది 1995లో కేంద్ర సిబ్బంది వ్యవహారాల శాఖ, అంటే డీఓపీటీ ఇచ్చిన ఉత్తర్వు. రద్దయిన ఆఫర్‌ని మళ్లీ బతికించడం చాలా అరుదు, బతికించినా సీనియారిటీలో కిందికి వెళ్తారు. లెక్క మొదలయ్యేది ఉత్తరం మీద ఉన్న తేదీ నుంచి. పోస్ట్‌మ్యాన్ మీ చేతిలో పెట్టిన రోజు నుంచి కాదు. ఇంకో మాట, పొడిగింపు మీ హక్కు కాదు. కారణం నచ్చితేనే ఇస్తారు, అందుకే ఆ ఉత్తరం బాగా రాయాలి.

ఉత్తరం మొదటి వాక్యంలోనే ఆఫర్‌ను అంగీకరిస్తున్నానని ఎలాంటి షరతూ లేకుండా రాయండి. "ఖర్చులు ఇస్తే వస్తాను", "దగ్గరలో పోస్టింగ్ ఇస్తే చేరతాను" అన్నట్టు రాసిన ఉత్తరాన్ని అంగీకారంగా తీసుకోవాలో, తిరస్కారంగా తీసుకోవాలో అక్కడి క్లర్కుకి అర్థం కాదు, ఫైలు పక్కన పడుతుంది, ఈలోపు గడువు దాటుతుంది. రెండో వాక్యంలో ఫలానా తేదీ వరకు సమయం కావాలని తేదీతో సహా అడగండి. "కొంత సమయం" అని అడిగితే ఎంత ఇవ్వాలో వాళ్లకెలా తెలుస్తుంది? మూడోది కారణం, దానికి కాగితం. ప్రైవేటు కంపెనీలో చేస్తుంటే నోటీసు పీరియడ్ ఎంతో చూపే కంపెనీ లెటర్, ఆపరేషన్ అయితే డాక్టర్ సర్టిఫికెట్. ఇంగ్లిష్‌లోనో హిందీలోనో రాసి, ఆఫర్ నంబరు, తేదీ పైన వేసి, ఈమెయిల్ చేసి, స్పీడ్ పోస్ట్‌లో కూడా పంపి రసీదు దాచుకోండి. జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే అనుకుని ఊరుకోవద్దు, ఫోన్ చేసి మీ ఉత్తరం అక్కడ నమోదైన డైరీ నంబరు కనుక్కోండి. పొడిగింపు ఉత్తర్వు రాతపూర్వకంగా రావాలి. రాకపోతే పాత గడువే లెక్క, ఆ రోజుకి అక్కడ ఉండాలి.

ఇప్పుడు ఎక్కువమంది దెబ్బ తినే చోటికి వద్దాం. ఇప్పటికే కేంద్ర ప్రభుత్వంలో ఒక ఉద్యోగం చేస్తూ, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ లాంటివి పెట్టే పరీక్ష రాసి ఇంకో శాఖలో ఉద్యోగం తెచ్చుకున్నవాళ్ల విషయం ఇది. వీళ్లకి ఊరు మారడానికి సాయం నిజంగానే ఉంది: దారి సమయం, ఆ రోజులకి జీతం, సామాను తరలింపు ఖర్చు. కానీ దానికి తాళం చెవి ఒక్కటే, పాత ఆఫీసులో ఇచ్చే రాజీనామా టెక్నికల్ రిజిగ్నేషన్ అయి ఉండాలి, అంటే ఇంకో ప్రభుత్వ పోస్టులో చేరడం కోసమే, పాత సర్వీసు తెగకుండా ఇచ్చే రాజీనామా.

ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. రాజమండ్రిలో పోస్టల్ అసిస్టెంట్‌గా నాలుగేళ్లు చేసిన ఒకమ్మాయి, శాఖ అనుమతితో, అంటే త్రూ ప్రాపర్ ఛానెల్‌లో దరఖాస్తు పెట్టుకుని పరీక్ష రాసింది. ముంబైలో ఒక ఆఫీసు నుంచి జూన్ 3 తేదీతో ఆఫర్ వచ్చింది, జూలై 2 లోపు చేరాలి. ఇక్కడ తనని రిలీవ్ చేయడానికి జూలై నెలాఖరు అవుతుందని పై ఆఫీసు చెప్పింది. ఆమె ఏ తేదీ వరకు గడువు అడగాలి?

చాలామంది జూలై 31 అని రాస్తారు. అది తప్పు. జూలై 31 సాయంత్రం రిలీవ్ అయితే అక్కడి నుంచి ఆమెకి జాయినింగ్ టైం, అంటే కొత్త చోట చేరడానికి ఇచ్చే దారి సమయం మొదలవుతుంది. 1979 నాటి జాయినింగ్ టైం రూల్స్ ప్రకారం దూరం 1,000 కిలోమీటర్ల లోపైతే 10 రోజులు, 1,000 నుంచి 2,000 వరకు 12 రోజులు, అది దాటితే 15 రోజులు. రాజమండ్రి నుంచి ముంబై రైలు దారిలో వెయ్యి దాటుతుంది, రెండు వేలకి చాలా లోపు, కాబట్టి 12 రోజులు. ఆగస్టు 1 నుంచి 12 వరకు ఆ సమయం వాడుకుంటే 13న చేరాలి. కొత్త ఆఫీసు ఇచ్చిన గడువు జూలై 31కే అయిపోతే ఈ 12 రోజులు వాడుకునే చోటే లేదు. అందుకే ఆగస్టు 20 వరకు అడగాలి, రిలీవింగ్ రెండు మూడు రోజులు అటూ ఇటూ అయినా సరిపోతుంది. గడువు పొడిగింపు ఇచ్చేది కొత్త ఆఫీసు, జాయినింగ్ టైం పాత ఉద్యోగం వల్ల రూల్ ప్రకారం వచ్చేది. రెండూ వేర్వేరు, ఒకటి రెండోదాన్ని మింగేయకుండా తేదీ వేసుకోవాలి.

పొడిగింపు ఉత్తర్వు చేతికి వచ్చాకే రాజీనామా పెట్టాలి. ఆ రాజీనామా ఎలా రాశారన్నదే అసలు సంగతి. "వ్యక్తిగత కారణాల వల్ల రాజీనామా చేస్తున్నాను" అని ఒక్క ముక్క రాసి ఇచ్చి వెళ్లిపోయినవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క ముక్కతో అది మామూలు రాజీనామా అవుతుంది, పాత సర్వీసు లెక్కలోంచి పోతుంది, దాచుకున్న ఎర్న్‌డ్ లీవులు కొత్త ఉద్యోగంలోకి రావు, టీఏ ఊసే ఉండదు. ఉత్తరంలో ఇలా ఉండాలి: సరైన మార్గంలో దరఖాస్తు చేసి ఎంపికైన ఫలానా పోస్టులో, ఫలానా ఆఫీసులో చేరడం కోసం ఈ రాజీనామా ఇస్తున్నాను, దీన్ని టెక్నికల్ రిజిగ్నేషన్‌గా ఆమోదించి నన్ను రిలీవ్ చేయగలరు. ఆఫర్ కాపీ, దరఖాస్తుకి అప్పట్లో శాఖ ఇచ్చిన అనుమతి పత్రం, అంటే ఎన్‌ఓసీ కాపీ జత చేయాలి. రిలీవింగ్ ఆర్డర్ చేతికివ్వగానే సంతకం పెట్టి తీసుకుని వచ్చేయకండి, అక్కడే నిలబడి చదవండి. అందులో టెక్నికల్ రిజిగ్నేషన్ అన్న మాట లేకపోతే అక్కడే సరిచేయించుకోండి. ఊరు దాటాక ఆ ఒక్క మాట కోసం పాత ఆఫీసు చుట్టూ తిరగడం చాలా కష్టం.

మరి ఇప్పుడున్న ప్రభుత్వ ఉద్యోగంలో చేరకముందే ఆ పరీక్షకి దరఖాస్తు పెట్టినవాళ్ల సంగతి? అప్పుడు త్రూ ప్రాపర్ ఛానెల్ ఎలా కుదురుతుంది అని భయపడుతుంటారు. భయపడక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన వెంటనే, నేను ఫలానా పరీక్షకి ముందే దరఖాస్తు పెట్టాను అని ఆఫీసుకి రాతపూర్వకంగా చెప్పి ఉండాలి, రాజీనామాలో ఆ విషయం మళ్లీ ప్రస్తావించి టెక్నికల్ రిజిగ్నేషన్ ప్రయోజనం ఇమ్మని అడగాలి. చేరినప్పుడు చెప్పకుండా ఊరుకున్నవాళ్లే ఇరుక్కుంటారు. కొత్తగా చేరినవాళ్లు ఇది చదువుతుంటే, ఫలితాలు రావలసిన పరీక్షలన్నిటి పేర్లతో రేపే ఒక ఉత్తరం ఇచ్చి, ముద్ర వేయించుకున్న కాపీ దగ్గర పెట్టుకోండి.

ఇక డబ్బు సంగతి. రెగ్యులర్‌గా, ఎక్కడా తెగకుండా మూడేళ్ల సర్వీసు దాటిన కేంద్ర ఉద్యోగికి జాయినింగ్ టైంలో జీతం, బదిలీ మీద వెళ్లినట్టే టీఏ వస్తాయి. మూడేళ్లు నిండకపోతే జాయినింగ్ టైం ఉంటుంది గానీ ఆ రోజులకి జీతం రాదు. మన ఉదాహరణలో అమ్మాయికి మూడేళ్లు దాటాయి. తన బేసిక్ 28,700 అనుకుంటే ఏడో వేతన సంఘం రేట్ల ప్రకారం ఇల్లు మారే ఖర్చులకి ఒకేసారి ఇచ్చే కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ అందులో 80 శాతం, అంటే 22,960 రూపాయలు. రైలు ఛార్జీలు, సామాను రవాణా దీనికి అదనం. ఈ మాటలేవీ గడువు అడిగే ఉత్తరంలో రాయొద్దు. టీఏ అనేది చేరాక బిల్లు పెట్టుకునేది, ముందుగా బేరమాడేది కాదు. ప్రయాణం పూర్తయిన రోజు నుంచి 60 రోజుల లోపు బిల్లు ఇవ్వాలి, టికెట్లు, లారీ బిల్లు ఒరిజినల్స్ జాగ్రత్త.

మొదటిసారి ప్రభుత్వ ఉద్యోగంలోకి వెళ్తున్నవాళ్లకి, ప్రైవేటు నుంచి వెళ్తున్నవాళ్లకి మామూలుగా టీఏ లేదు. ఈశాన్య రాష్ట్రాలు, అండమాన్ లాంటి చోట్లకి ప్రత్యేక ఉత్తర్వులున్నాయి, అక్కడ పోస్టింగ్ అయితే ఆఫర్ ఇచ్చిన ఆఫీసునే అడిగి తెలుసుకోండి. మిగతా ఊళ్లకి టికెట్ మీదే, అడ్వాన్స్ అద్దె మీదే. మొదటి జీతం పడటానికి కూడా ఒక్కోసారి నెల దాటుతుంది, పాన్, బ్యాంకు వివరాలు, పెన్షన్ ఖాతాకి ఇచ్చే ప్రాన్ నంబరు, అన్నీ ఎక్కాలి కదా. రెండు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బయల్దేరండి. వీళ్లు ఆఫీసుని అడగదగ్గ సాయం ఒకటుంది, శాఖకి గెస్ట్ హౌస్ గానీ హాస్టల్ గానీ ఉంటే మొదటి కొద్ది రోజులు గది దొరుకుతుందా అని. దాన్ని అంగీకార ఉత్తరంలో కలపకుండా, గడువు ఉత్తర్వు వచ్చాక వేరే చిన్న ఈమెయిల్‌గా, చేరే తేదీ రాసి పంపండి. క్వార్టర్స్ కావాలంటే చేరాక, కేంద్ర ఉద్యోగుల ఉమ్మడి క్వార్టర్స్, అంటే సెంట్రల్ పూల్ ఉన్న ఊళ్లలో ఈ-సంపద పోర్టల్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. వెంటనే ఇల్లు వస్తుందని మాత్రం అనుకోవద్దు, ముందు అద్దె గది వెతుక్కోండి, హెచ్‌ఆర్‌ఏ ఎలాగూ జీతంలో కలిసి వస్తుంది.