దుకాణం మునిగాక రాసే క్లెయిమ్ ఉత్తరం: ప్రశ్నలు ఎందుకొస్తాయి, ఎలా దిద్దాలి

దుకాణంలోకి వరద నీళ్లొచ్చాక బీమా కంపెనీకి హడావిడిగా రాసే ఉత్తరం చాలాసార్లు ఇలా ఉంటుంది. ఇది నోటుపుస్తకాలు, కాగితం అమ్మే దుకాణం అనుకుందాం.

"అయ్యా, మొన్న రాత్రి మా షాపులోకి నీళ్లు వచ్చి మొత్తం సరుకు పాడైపోయింది. నేను పొద్దున వచ్చి షట్టర్ తీసి నీళ్లు ఉండడంతో చాలా నష్టం జరిగింది. అంతకుముందు పెద్ద వర్షం పడింది. పాడైనవి తీసేశాము. వెనక గోడకు లీకేజీ కూడా ఉంది. కావున నష్టం పూర్తిగా ఇప్పించగలరు."

రాసిన మనిషి ఒక్క అబద్ధమూ ఆడలేదు. అయినా ఈ ఉత్తరానికి ముందుగా వచ్చేది ప్రశ్నలే. ఏ ప్రశ్న ఏ వాక్యం వల్ల వస్తుందో చూస్తే, దిద్దాల్సిన చోటు దానంతటదే తెలుస్తుంది.

సమస్య: "షట్టర్ ఎవరు తీశారు? ఎప్పుడు తీశారు?" అని అడుగుతారు

కారణం రెండో వాక్యం. "నేను వచ్చి, తీసి" అని మొదలుపెట్టాక, ఆ వాక్యం "నేను చూశాను" లాంటి క్రియతో ముగియాలి. ఇక్కడ "నష్టం జరిగింది" అని ముగిసింది. వర్షం పడి రోడ్డు మునిగింది అంటాం, అది చెల్లుతుంది. ఒక సంగతి వల్ల మరొకటి జరిగిందని వెంటనే అర్థమవుతుంది. మనిషి చేసిన పనిని అలా గొలుసులో వేసి, చివర కర్తను మారిస్తే మాత్రం అర్థం బెసుకుతుంది. షట్టర్ తీసినందువల్లే నష్టం జరిగిందన్నట్టు చదువుకునే వీలుంది. రాత్రంతా షట్టర్ తెరిచే ఉందా అనే అనుమానానికీ చోటు దొరుకుతుంది. జాగ్రత్త తీసుకున్నారా లేదా అన్నది క్లెయిమ్‌లో చూసే విషయమే కాబట్టి, ఇది వ్యాకరణ దోషంతో ఆగిపోదు.

పరిష్కారం: వాక్యాన్ని విడగొట్టి, ప్రతి దానికీ సొంత కర్తను ఇవ్వాలి. "రాత్రి 9 గంటలకు షట్టర్ మూసి తాళం వేశాను. మర్నాడు ఉదయం 7 గంటలకు తెరిచాను. అప్పటికి లోపల నీళ్లు నిలిచి ఉన్నాయి."

సమస్య: "నష్టం ఏ తేదీన జరిగింది?" అని అడుగుతారు

"మొన్న" అనే మాట ఉత్తరం చదివే రోజుకు అర్థం మార్చుకుంటుంది. "రాత్రి 2 గంటలకు" అన్నా చిక్కే. 12వ తేదీ రాత్రి అని మనం అనుకునేది క్యాలెండర్ ప్రకారం 13. పాలసీ మొదలైన రోజుకో ముగిసే రోజుకో దగ్గర్లో నష్టం జరిగితే ఈ ఒక్క తేడా చాలా దూరం తీసుకెళ్తుంది.

ఇంకో పొరపాటు దీని వెనకే ఉంటుంది. జరిగిన సమయం వేరు, చూసిన సమయం వేరు. నీళ్లు ఎన్నింటికి వచ్చాయో మీరు చూడలేదు కదా. చూడనిదానికి గంట వేయకండి. తాళం వేసిన సమయం, తెరిచిన సమయం రాస్తే, నష్టం ఆ మధ్యలో జరిగిందని తేలిపోతుంది. "అంతకుముందు వర్షం పడింది" అన్న వాక్యం నష్టం తర్వాత వచ్చింది. దాన్ని జరిగిన వరుసలోనే ముందుకు తేవాలి.

సమస్య: "ఇది వరదా, లీకేజీయా?" అని అడుగుతారు

అన్నింటికన్నా బరువైన ప్రశ్న ఇదే. బీమాలో నీళ్లన్నీ ఒకటి కావు. బయట నీళ్లు పొంగి లోపలికి రావడం, లోపలి పైపు పగలడం, గోడలోంచి నెలల తరబడి చెమ్మ దిగడం అనేవి వేరువేరు కారణాలు. మెల్లగా దిగే చెమ్మను చాలా పాలసీలు నష్టంగా లెక్కలోకి తీసుకోవు. "నీళ్లు వచ్చి" అని కారణం చెప్పకుండా వదిలి, చివర "లీకేజీ కూడా ఉంది" అంటే, చదివేవారి ముందు మిగిలే కారణం లీకేజీ ఒక్కటే.

అలాగని గోడ సంగతి దాచకూడదు. నష్టం అంచనా వేయడానికి బీమా కంపెనీ తరఫున సర్వేయర్ వచ్చినప్పుడు అది ఎలాగూ కనబడుతుంది. దాచారని తేలితే మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది. దాన్ని వేరే వాక్యంలో, వేరే సంగతిగా చెప్పాలి. వరద నీళ్ల గురించి మీ ఊహకు బదులు ఆనవాళ్లు రాయాలి: షట్టర్ కింద బురద, గోడ మీద నీటి చార, చార ఎత్తు.

సమస్య: "మొత్తం సరుకు" అన్న మాటకూ చూసినదానికీ పొంతన లేదంటారు

ఈ దుకాణంలో నీటి చార నేల నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తున ఉందనుకుందాం. కింది అర నేలకు 10 సెంటీమీటర్ల పైన, రెండో అర 50 సెంటీమీటర్ల పైన ఉన్నాయి. అంటే నీళ్లలో నానినవి కింది అరలోవి, నేల మీద పెట్టినవి. రెండో అరలో ఉన్నవి నీళ్లు తాకకపోయినా చెమ్మకు ఉబ్బి ఉండొచ్చు. టేపు పట్టుకుని వచ్చిన సర్వేయర్‌కు ఇది నిమిషంలో తెలిసిపోతుంది. "మొత్తం" అని రాసినందుకు నిజంగా పోయిన సరుకు మీద కూడా అనుమానం పడుతుంది.

"పాడైంది" అనే మాటను కూడా విడగొట్టండి. నానిపోయింది, అంచులు తడిశాయి, చెమ్మ పట్టింది: ఈ మూడింటి నష్టం ఒకటి కాదు. నానిన పుస్తకం అమ్ముడుపోదు, అంచు తడిసినది తగ్గింపు ధరకు పోవచ్చు.

"తీసేశాము" మరీ ప్రమాదం. పారేశారా, పక్కన పెట్టారా? సర్వేయర్ చూడకముందే సరుకు పారేస్తే రుజువు పోతుంది. మరింత నష్టం జరగకుండా సరుకును నీళ్లలోంచి ఎత్తడం మాత్రం మీ బాధ్యతే. అందుకే ఏం చేశారో ఆ క్రియనే రాయాలి.

చివరగా "పూర్తిగా ఇప్పించగలరు". మొదటి ఉత్తరం సమాచారం ఇవ్వడానికి, సర్వేయర్‌ను అడగడానికి. మొత్తం ఎంతన్నది జాబితా తయారయ్యాక చెప్పొచ్చు. సరుకును సాధారణంగా అమ్మే ధరకు కాక, కొన్న ధరకు లెక్కిస్తారు.

దిద్దిన ఉత్తరం

"విషయం: 2024 జులై 12, 13 తేదీల మధ్య రాత్రి దుకాణంలోకి వరద నీరు చేరడం గురించి. పాలసీ నంబరు: ……

అయ్యా,

జులై 12, శుక్రవారం సాయంత్రం నుంచి భారీ వర్షం కురిసింది. ఆ రాత్రి 9 గంటలకు దుకాణం షట్టర్ మూసి తాళం వేశాను. అప్పటికి లోపల నీళ్లు లేవు. జులై 13 ఉదయం 7 గంటలకు తెరిచి చూశాను. నేల మీద నీళ్లు నిలిచి ఉన్నాయి. షట్టర్ కింద బురద ఉంది. గోడ మీద నీటి చార నేల నుంచి 35 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. దుకాణం ముందున్న కాలువ అప్పటికీ పొంగుతోంది.

కింది అరలోని 60 కట్టల నోటుపుస్తకాలు, నేల మీది 8 పెట్టెల కాగితం నానిపోయాయి. రెండో అరలోని 25 కట్టలకు చెమ్మ పట్టింది. పై అరలలోని సరుకుకు ఏమీ కాలేదు.

ముందుగా ఫొటోలు తీశాను. తర్వాత నీళ్లు తోడించి, తడిసిన సరుకును వేరుచేసి దుకాణంలోనే ఉంచాను. ఏదీ పారేయలేదు, అమ్మలేదు.

వెనక గోడకు పాత చెమ్మ ఉంది. ఆ గోడ పక్కన సరుకు లేదు; దాని గురించి ఈ ఉత్తరంలో ఏమీ కోరడం లేదు.

క్లెయిమ్ నమోదు చేసి సర్వేయర్‌ను పంపవలసిందిగా కోరుతున్నాను. కొన్న ధరలతో సరుకు జాబితా, బిల్లుల నకళ్లు సర్వేయర్‌కు అందజేస్తాను."

మొదటి ఉత్తరం ఇప్పటికే పంపేసి ఉంటే, దాన్ని వెనక్కి అడగకండి. పాత ఉత్తరం తేదీ ప్రస్తావించి, "అందులో 'మొత్తం సరుకు' అని రాశాను, సరైన వివరం ఇది" అంటూ రెండో ఉత్తరం పంపండి. సరుకు నిజంగానే కొంత పారేసి ఉంటే, ఏవి, ఎన్ని, ఎప్పుడు, ఎందుకు పారేశారో అందులోనే రాసి, పారేయకముందు తీసిన ఫొటోలు ఉంటే జతచేయండి.